మడమకో పట్టీ... వేలికో పట్టీ!

కిందటి మహాశివరాత్రికి మేం నలుగురు ఆడవాళ్లం కలిసి నరసరావుపేట నుంచి కోటప్పకొండకి నడిచి వెళ్లాం. సుమారు 12 కిలోమీటర్లు. ఎండెక్కకముందే చేరాలని తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాం. "కొత్త చెప్పులు వద్దే అమ్మాయ్, పాతవే వేసుకో" అని మా అత్తగారు గుమ్మంలో నిలబడి మరీ చెప్పారు. వింటేగా! సగం దారి వెళ్లేసరికి ఎడమ మడమ దగ్గర చురుక్కుమనడం మొదలైంది. ప్రభలు చూసే సంబరంలో పట్టించుకోలేదు. కొండ కిందికి చేరి చెప్పు విప్పి చూద్దును కదా, చెప్పు బెల్టు ఒరుసుకున్న చోట రూపాయి బిళ్లంత బొబ్బ లేచి, నిండా నీళ్లతో మెరుస్తోంది.

హ్యాండుబ్యాగులో ఎప్పుడూ నాలుగు ప్లాస్టర్లు ఉంటాయి నాకు. సైన్సు టీచర్ని కదా, ఇరవై ఏళ్లుగా మా స్కూల్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా నా చేతిలోనే ఉంటోంది. ఒక ప్లాస్టరు తీసి బొబ్బ మీద అంటించి మెట్లెక్కాను. పైకి వెళ్లేసరికి ఆ ప్లాస్టరు చెమటకి జారి, చుట్టలా ముడుచుకుని చెప్పు బెల్టుకి అంటుకుంది. ఇంకొకటి వేశాను. దాని జిగురు సరిగ్గా బొబ్బ మీదే పడినట్టుంది. రాత్రి ఇంటికొచ్చి లాగేసరికి బొబ్బ మీది పల్చటి చర్మం కూడా ప్లాస్టరుతో పాటే ఊడి వచ్చేసింది. కింద ఎర్రగా పచ్చి పుండు. ఆ రాత్రి దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టే ఉంది.

మర్నాడు గుంటూరు నుంచి మా తోడికోడలు వచ్చింది. తను నర్సు. నా మడమ చూసి "టీచరువి, పిల్లలకి పాఠాలు చెప్తావు. నువ్వే ఇలా చేస్తే ఎలా అక్కా?" అని కసిరి, బ్యాగులోంచి ఓ విచిత్రమైన పట్టీ తీసింది. గుండ్రంగా, లేత పసుపు రంగులో, మెత్తగా, రబ్బరులా ఉంది. మధ్యలో దూది గుడ్డ లేదు. మొత్తం జిగురే! "ఇదేమిటే, ఇది వేస్తే మళ్లీ చర్మం ఊడి రాదూ?" అంటే నవ్వింది. దాని పేరు హైడ్రోకొల్లాయిడ్ పట్టీ అట. ఇంత పేరు పలకలేక మా ఇంట్లో దానికి 'బొబ్బ పట్టీ' అని పేరు పెట్టేశాం. ఈ వ్యాసంలోనూ అదే పేరుతో పిలుస్తాను.

ఆ పట్టీ నా మడమకి నిజంగా ప్రాణం పోసింది. ఆ ఆనందంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం. ముందు మడమ సంగతి చెప్తాను.

ఐదు రోజుల కథ

మా తోడికోడలు మొదట మడమని మామూలు నీళ్లతో, సబ్బుతో కడిగించింది. డెట్టాలు గానీ, ఆయింట్‌మెంటు గానీ, మా అత్తగారు తెచ్చిన పసుపు గానీ రాయనివ్వలేదు. ఏది రాసినా పట్టీ అంటుకోదట. మడమ పగుళ్లకి నేను రోజూ రాసుకునే కొబ్బరినూనె జిడ్డంతా పోయేదాకా మళ్లీ సబ్బు పెట్టించి, పొడి గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చింది. ఆ తరవాత పట్టీని కాగితం తియ్యకుండానే రెండు అరచేతుల మధ్య ఓ నిమిషం పెట్టుకోమంది. ఆ వెచ్చదనానికి జిగురు మెత్తబడి చర్మానికి బాగా పట్టుకుంటుంది. అప్పుడు కాగితం తీసి, జిగురుని వేలితో తాకకుండా, పుండు మధ్యకి వచ్చేలా అంటించింది. పుండు అంచు దాటి చుట్టూరా కనీసం ఒక సెంటీమీటరు మంచి చర్మం మీద పట్టీ కూర్చోవాలి. ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. ముడత ఉన్నచోటి నుంచే నీళ్లు దూరతాయి. చివరికి అరచేత్తో మరో నిమిషం అదిమి పట్టుకుంది.

అంతే! నొప్పి సగం అప్పుడే తగ్గింది. పచ్చి పుండుకి గాలీ, గుడ్డా తగలకపోవడమే దానికి కారణం.

రెండో రోజుకి పట్టీ మధ్యలో తెల్లగా ఉబ్బింది. నాకు గుండె ఝల్లుమంది, చీము పట్టిందేమోనని. ఫోన్ చేస్తే "దాన్ని ముట్టుకోకు అక్కా, అది పని చేస్తోందనడానికి గుర్తు" అంది. ఈ పట్టీ జిగురులో చెమ్మని పీల్చుకునే పొడి కలిసి ఉంటుంది. పుండులోంచి ఊరే నీటిని ఆ పొడి తాగి, ఉబ్బి, మెత్తటి జెల్లీ అవుతుంది. పైనుంచి చూస్తే అదే తెల్లటి బుడగలా కనిపిస్తుంది. పై పొర పల్చటి ప్లాస్టిక్కు లాంటిది. బయటి నీళ్లని లోపలికి రానివ్వదు. అందుకని స్నానం చేసినా ఏమీ కాలేదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకున్నానంతే. మూడు, నాలుగు రోజులు బడికి మామూలుగా వెళ్లాను. కాకపోతే పాత చెప్పులే! ఐదో రోజు అంచులు వాటంతటవే లేచాయి. అప్పుడు కూడా పైకి గుంజలేదు. అంచు పట్టుకుని చర్మానికి సమాంతరంగా, రబ్బరు బ్యాండు సాగదీసినట్టు పక్కకి సాగదీస్తే తనంతట తనే వదిలేసింది. లోపల పసుపుపచ్చగా జెల్లీ, కాస్త వాసన. నీళ్లతో కడిగితే కింద లేత గులాబీ రంగు కొత్త చర్మం!

"గాయానికి గాలి తగలాలి, పక్కు కట్టాలి, అప్పుడే మానుతుంది" అని కదూ మనందరం అనుకుంటాం? నేనూ పిల్లలకి అదే చెప్పేదాన్ని. 1962లో జార్జ్ వింటర్ అనే ఇంగ్లండు పరిశోధకుడు పందుల చర్మం మీద చిన్న చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పల్చటి పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పి ఉంచిన వాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా కమ్ముకుంది. ఎందుకంటే గాయం ఎండి పక్కు కడితే, కొత్త చర్మ కణాలు ఆ గట్టి పక్కు కిందనుంచి దారి వెతుక్కుంటూ పాకాలి. చెమ్మగా ఉంటే నేరుగా జారుకుంటూ వచ్చేస్తాయి. బొబ్బ పట్టీ వెనకున్న కిటుకు అదే. ఇంకో సంగతి, మన ప్రాంతం వాళ్లకి తెలిస్తే ముచ్చటేస్తుంది. ఆ చెమ్మ తాగే పొడిని చెక్క గుజ్జు నుంచి గానీ, పత్తి నుంచి గానీ చేస్తారు. జిన్నింగు మిల్లులో దూది తీసేశాక గింజని అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది చూశారూ, అది దానికి పనికొచ్చే ముడిసరుకు!

ఇక నా పొరపాటు

మడమ మానిన సంబరంలో మెడికల్ షాపులో అడిగి బొబ్బ పట్టీల ప్యాకెట్టు ఒకటి తెప్పించుకున్నాను. ఒక్క పట్టీకి పెట్టే డబ్బుతో మామూలు ప్లాస్టర్లు పది పైనే వస్తాయి. అయినా సరే, ఇంత మంచిది ఉండగా ఆ జారిపోయే ప్లాస్టర్లెందుకనుకున్నాను.

మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి పొద్దున్నే నాలుగిళ్లలో పని చేసుకుని, మిరప సీజన్లో మధ్యాహ్నం నుంచి కాయలకి తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. ఒకరోజు మా ఇంట్లోనే సొరకాయ తరుగుతూ ఉంటే కత్తిపీట జారి చూపుడు వేలి కొస తెగింది. పెద్ద గాయమేం కాదు, అర అంగుళం ఉంటుంది. నేను మహా గొప్పగా నా ఖరీదైన పట్టీ తీసి దాని వేలికి చుట్టాను. "ఇది నీళ్లలో కూడా ఊడదు, ఐదు రోజులదాకా తియ్యకు" అని చెప్పి పంపాను.

మర్నాడు తను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వచ్చి వేలు చూపించింది. "టీచరమ్మా, మీ పట్టీ పెట్టిన మంటకి రెండు రాత్రులు నిద్ర లేదు. రెండు రోజుల కూలి పాయె" అంది. వేలి కొస తెల్లగా నాని, ముడతలు పడి ఉంది. గాయం అంచులు విచ్చుకున్నాయి. చుట్టూ ఎర్రగా ఉంది. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

జరిగిందేమిటంటే, నాలుగిళ్ల అంట్లు తోమేసరికి పట్టీ అంచులు చుట్టుకుపోయాయి. మడమ మీద చర్మం విశాలంగా, దాదాపు చదునుగా ఉంటుంది. వేలి కొస గుండ్రం. పైగా రోజుకి కొన్ని వందలసార్లు వంగుతుంది, పీచుకీ గిన్నెలకీ రాసుకుంటుంది. అంచు లేవగానే నీళ్లు లోపలికి దూరాయి. పుండు నీటిని తాగాల్సిన పొడి, అంట్ల నీళ్లు తాగేసింది! తాగి పిండిలా మెత్తబడింది. ఆ జిగురు ముద్దకి మధ్యాహ్నం మిరప దుమ్ము అంటుకుంది. నేనేమో తియ్యొద్దన్నాను. పాపం, అలాగే ఉంచుకుంది.

ఈ కథంతా ఫోన్లో మా తోడికోడలికి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఒక్క ప్రశ్న అడిగింది. "అక్కా, నీ మడమకి తడి ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ అమ్మాయి వేలికి ఎక్కణ్నుంచి వస్తోంది?"

చూశారా! నా మడమకి తడి లోపలినుంచి ఊరుతోంది. ఆ అమ్మాయి వేలికి తడి బయటినుంచి పడుతోంది. లోపలి తడిని తాగడానికి చేసింది బొబ్బ పట్టీ. ఒకసారి వేస్తే రోజుల తరబడి కదపకుండా ఉంచినప్పుడే దాని గుణం. బయటినుంచి గంట గంటకీ నీళ్లు పడే వేలికి కావలసింది వేరు. చవగ్గా ఉండాలి, తడిసినప్పుడల్లా తీసి పారేసి కొత్తది వేసుకునేలా ఉండాలి. అంటే మన పాత ప్లాస్టరే!

అసలు ప్లాస్టరు పుట్టిందే వంటింటి వేళ్ల కోసమని తెలుసా మీకు? 1920లో అమెరికాలోని న్యూజెర్సీలో ఎర్ల్ డిక్సన్ అనే ఆయన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో పనిచేసేవాడు. ఆయన భార్య జోసెఫీన్‌కి వంట చేస్తున్నప్పుడల్లా వేళ్లు తెగడం, కాలడం మామూలు. ఒక్కతే ఉన్నప్పుడు ఒంటి చేత్తో గుడ్డ చుట్టుకోవడం కష్టమని, పొడుగాటి జిగురు టేపు మీద అక్కడక్కడా గాజు గుడ్డ ముక్కలు అతికించి, కత్తిరించుకుని వాడుకునేలా తయారుచేసి పెట్టాడాయన. మరుసటి ఏడాది కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. అదే బ్యాండ్ ఎయిడ్. మార్చి మార్చి వేసుకోవడానికే పుట్టింది. మనమే పొదుపు చేసి, నల్లబడి, నాని, కంపు కొట్టేదాకా రెండు రోజులు ఉంచుకుంటాం!

వేలికి ఏం చేశామంటే...

మా తోడికోడలు చెప్పినట్టే ఆ అమ్మాయి వేలికి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ముందు మిరప వదలాలి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే మిరపకాయలు ముట్టుకున్న చేతిని ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట పోదు. గాయాన్ని తప్పించి, చుట్టూ ఉన్న వేళ్లకీ అరచేతికీ కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచేసి, అప్పుడు సబ్బుతో రెండుసార్లు కడిగించాను. గాయం మీద మాత్రం ధారగా మంచినీళ్లు పోశాం. మిరప ఘాటు ఉన్న చర్మం మీద ఏ పట్టీ వేసి మూసినా మంట లోపలికి ఇంకా ఎక్కుతుంది. ఇది మాత్రం గుర్తుంచుకోవాలి.

తరవాత వేలిని బాగా ఆరబెట్టాం. తొడిమలు తీసేవాళ్లు చేతులకి నూనె రాసుకుని పనిలోకి దిగడం అలవాటు కదా. ఆ నూనె మీద ప్లాస్టరు నిలవదు. కాబట్టి ముందు ప్లాస్టరు, దాని మీద తొడుగు, మిగతా చేతికి నూనె. ఈ వరస తప్పకూడదు.

ఇప్పుడు వేలి కొసకి ప్లాస్టరు వేసే పద్ధతి చెప్తాను. మామూలుగా మనం గుండ్రంగా చుట్టేస్తాం, అది టోపీలా ఊడిపోతుంది. అలా కాకుండా ప్లాస్టరు రెండు చివర్లనీ కత్తెరతో నిలువుగా, మధ్యలోని గుడ్డ దాకా చీల్చాలి. అప్పుడు రెండు వైపులా రెండేసి చొప్పున నాలుగు తోకలు వస్తాయి. గుడ్డని గాయం మీద పెట్టి, కింది రెండు తోకల్ని వేలి చుట్టూ తిప్పి అంటించాలి. పై రెండింటినీ వేలి కొస మీదుగా ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడిచి అంటించాలి. బిగించి చుట్టకూడదు. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే బిగువు ఎక్కువైందన్నమాట. విప్పి మళ్లీ వెయ్యాలి.

ఇక నీళ్ల పని. నాలుగిళ్ల పని మానుకోమని చెప్పడం తేలికే, మరి పొట్ట గడవద్దూ? అందుకని రబ్బరు గ్లవ్స్ ఒక జత కొనిచ్చాను. వేసుకుంటే పాత్రలు జారతాయని మొదట గునిసింది గానీ రెండు రోజుల్లో అలవాటైపోయింది. అయితే గ్లవ్స్‌లో కూడా చెమట పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే చర్మం అక్కడా నానుతుంది. అందుకని ఒక ఇంటి అంట్లు అయిపోగానే గ్లవ్స్ తీసి, చెయ్యి తుడుచుకుని, ప్లాస్టరు తడిసిందేమో చూసుకోవడం. తడిస్తే తీసేసి, వేలు ఆరాక కొత్తది వెయ్యడం. రోజుకి నాలుగో ఐదో ప్లాస్టర్లు పట్టాయి. అయినా నా ఒక్క బొబ్బ పట్టీ ఖరీదులో సగం కూడా కాలేదు! రాత్రి పడుకునేముందు తడిసినది తీసేసి, వేలిని ఓ పావుగంట ఆరనిచ్చి, పొడి ప్లాస్టరు వేసుకోమన్నాను. తొడిమల పనికి మాత్రం మూడు రోజులు వెళ్లొద్దని బతిమాలాను. ఆ మూడు రోజుల కూలి నేనే ఇచ్చాను. తప్పు నాదే కదా మరి!

వారం తిరిగేసరికి వేలు మానింది. చర్మం తెల్లగా నానడం ఆగిపోవడమే మొదటి మంచి గుర్తు. ప్లాస్టరు తీసినప్పుడు కింద చర్మం తెల్లగా, ముడతలుగా, మెత్తగా కనిపిస్తే పట్టీ ఏదైనా సరే, తడి లోపల చిక్కుకుపోయిందని అర్థం. నానిన చర్మం ఇట్టే చిరుగుతుంది, సూక్ష్మక్రిములకి దారి ఇస్తుంది.

మరి చిన్న చిన్న గాయాలకి?

పర్చూరు వైపు ఉండే మా వదిన ఈ మాటే అడిగింది. వాళ్లకి పత్తి చేను ఉంది. పత్తి తీతల్లో ఎండిన కాయ మొనలు గోళ్ల పక్కన గీరుకుని వేళ్లన్నీ గాట్లు పడతాయి. "వదినా, దానికి కూడా రబ్బరు పట్టీ వెయ్యాలా?" అంటే, ఈసారి తొందరపడకుండా మా తోడికోడల్ని అడిగే చెప్పాను. నీరు ఊరని చిన్న గాటుకి బొబ్బ పట్టీ దండగ. తాగడానికి లోపల తడే లేనప్పుడు అది చేసే పనేముంది? రక్తం కారుతున్న గాయానికి అసలే పనికిరాదు. శుభ్రమైన గుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఆగిందో లేదో అని మధ్యమధ్య తీసి చూడకూడదు, చూస్తే గడ్డకడుతున్నది కాస్తా ఊడిపోతుంది. ఆగాక కడిగి, ఆరబెట్టి, మామూలు ప్లాస్టరు. రోజుకొకసారి మార్చడం, తడిసినా మట్టైనా వెంటనే మార్చడం. కాఫీ పొడి, పసుపు కూరడం మాత్రం మానెయ్యండి. గాయం లోపల ఏముందో కనపడదు, ప్లాస్టరూ అంటదు.

చేలో తగిలిన దెబ్బకి ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మట్టి పడిన గాయమైతే, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. ఈ పని ఏ పట్టీ చెయ్యలేదు.

మడమ దగ్గర గానీ, కాలి వేళ్ల పక్కన గానీ బొబ్బ వస్తే మాత్రం డబ్బు చూసుకోకుండా బొబ్బ పట్టీ కొనుక్కోండి. బొబ్బ చితకకుండా ఉంటే చిదపకండి. ఆ పై చర్మమే దేవుడిచ్చిన పట్టీ! దాని మీదే వెయ్యొచ్చు. ఒకసారి వేశాక లోపలేముందోనని పీకి చూడకండి. బొబ్బ చర్మం దానితో ఊడి వచ్చేస్తుంది. ఊరికే విప్పి చూసుకునే అలవాటున్నవాళ్లు వేసుకోకపోవడమే మంచిది. అంచులోంచి జెల్లీ కారడం మొదలైతే మాత్రం ఆ రోజే మార్చెయ్యాలి. మూత లేని గిన్నె ఎలాగో అదీ అలాగే, ఇక లోపలికి ఏదైనా పోవచ్చు. ఇంకా మంచి పని ఏమిటంటే, కొత్త చెప్పు ఒరుసుకుని ఎర్రబడినప్పుడే, చురుక్కుమన్న ఆ నిమిషంలోనే ఆగి ఏదో ఒక పట్టీ వెయ్యడం. ఆ దశలో మామూలు ప్లాస్టరు కూడా కాపాడుతుంది. నేను ఆ రోజు దారిలో రెండు నిమిషాలు ఆగి ఉంటే ఈ కథే లేకపోను.

ఏ పట్టీ వెయ్యకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. చుట్టూ ఎరుపు పెరుగుతున్నా, తాకితే వేడిగా ఉన్నా, టకటకమని పోటు పెడుతున్నా, గాయం నుంచి ఎర్రటి గీత పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా పట్టీలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలాంటి పుండుని బొబ్బ పట్టీతో మూసిపెడితే లోపల ముదిరిపోతుంది. మరి పట్టీ కింది జెల్లీకీ, చీముకీ తేడా ఎలా తెలుస్తుందంటారా? కడిగి చూడండి. జెల్లీ అయితే కడిగాక చుట్టూ చర్మం మామూలుగా ఉంటుంది, నొప్పి రోజురోజుకీ తగ్గుతూ ఉంటుంది. చీమైతే చర్మం ఎర్రగా వాచి ఉంటుంది, నొప్పి పెరుగుతుంది. కుక్క కాటు, పిల్లి గీత, లోతుగా దిగిన మేకు, ముల్లు వీటికీ పట్టీ వైద్యం వద్దు. షుగరు ఉన్నవాళ్లయితే పాదం మీద చిన్న బొబ్బ వచ్చినా సొంత వైద్యం పనికిరాదు. వాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి, పుండు ముదిరినా నొప్పి తెలియకపోవచ్చు. మా అత్తగారికి షుగరు ఉంది. అందుకే ఆవిడ మాత్రం పాత చెప్పులే వేసుకుంటారు!

మరో చిన్న మాట. ఈ బొబ్బ పట్టీల్లో కొన్నింటిలో జెలటిన్ కలుస్తుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పట్టింపు ఉన్నవాళ్లు ప్యాకెట్టు మీద చదివి కొనుక్కోవచ్చు.

ఇంతకీ మా ఇంట్లో కొసమెరుపు ఏమిటంటే, మొన్న మా అమ్మాయి మొటిమ మీద చుక్కబిళ్లంత పట్టీ అంటించుకుని తిరుగుతోంది. చూస్తే అదీ ఇదే సరుకు! మొటిమ పట్టీలని అమ్మేవి చాలావరకు ఈ హైడ్రోకొల్లాయిడ్‌వే. కాకపోతే మరీ పల్చగా, చిన్నగా ఉంటాయి, మడమ బొబ్బకి ఆనవు. "నీ మొహానికి ఉన్న వైభోగం నా మడమకి లేకపోయిందే ఇన్నాళ్లూ" అని నవ్వుకున్నాం.

ఇప్పుడు మా స్కూల్ డబ్బాలో రెండు అరలు చేశాను. పెద్ద అరలో మామూలు ప్లాస్టర్లు బోలెడు, ఓ చిన్న కత్తెర. చిన్న అరలో బొబ్బ పట్టీలు నాలుగే నాలుగు. ఏ పిల్ల వచ్చి చెయ్యో కాలో చూపించినా, డబ్బా మూత తియ్యకముందే అడుగుతున్నాను, తడి లోపలిదా, బయటిదా అని. అంట్లు తోమే మా అమ్మాయి కూడా ఆ ప్రశ్న నేర్చేసుకుంది. మొన్న వాళ్ల చెల్లెలికి కొత్త బూట్లు కరిచి బొబ్బ లేస్తే, గుమ్మంలో నిలబడి "టీచరమ్మా, ఇది లోపలి తడే. ఆ రబ్బరు పట్టీ ఒకటి ఇప్పించండి" అంది!